తొలి ఎస్ప్రెసో యంత్రం: పెట్టె మీది అంకెలు, లోపలి నిజాలు

మన పెళ్ళి పందిళ్ళలో బుస్సుమని ఆవిరి చిమ్మే యంత్రం నుంచి వచ్చే నురుగు కాఫీని ‘ఎక్స్‌ప్రెసో’ అని పిలవడం పరిపాటి. ఇన్‌స్టంట్ పొడి, పంచదార, పాలు కలిపిన పాత్రలోకి వేడి ఆవిరిని వదలడమే ఆ యంత్రం చేసే పని. ఆ కాఫీకి దాని రుచి దానికున్నది. అయితే ఇటలీలో ఎస్ప్రెసో అన్న మాటకు అర్థం వేరు. సన్నగా విసిరిన కాఫీ పొడిని గట్టిగా అదిమి, దాని గుండా వేడినీటిని అధిక పీడనంతో అర నిమిషం లోపల పంపగా వచ్చే చిక్కని రసమే ఎస్ప్రెసో. ఈ రెంటికీ గల భేదం తెలియకపోవడం వల్లనే తొలిసారి యంత్రం కొనేవారిలో చాలామంది పొరపాటు వస్తువును ఇంటికి తెచ్చుకొంటున్నారు.

ఈ భేదం చరిత్రలోనూ కనిపిస్తుంది. 1901లో మిలాన్ నగరానికి చెందిన లూయీజీ బెజ్జెరా పేటెంటు పొందిన యంత్రం ఆవిరి ఒత్తిడితోనే నీటిని తోసేది. ఆ ఒత్తిడి వాతావరణ పీడనానికి ఒకటిన్నర రెట్లకు అటూఇటూగా ఉండేది. అదే నగరానికి చెందిన అకిల్లె గాజ్జియా స్ప్రింగుతో పనిచేసే మీట యంత్రాన్ని 1948లో అమ్మకానికి తెచ్చినప్పుడు ఆ ఒత్తిడి దాదాపు 9 రెట్లకు పెరిగింది. కప్పు పైన తేనెరంగు మీగడ వంటి నురుగు, ‘క్రేమా’ అనేది, అప్పటినుంచే జనానికి పరిచయమైనది. 1961లో ఫాయెమా సంస్థ ఇ61 అనే యంత్రంలో మీటకు బదులు విద్యుత్ పంపు అమర్చింది. నేటి గృహ యంత్రాలలో అధిక భాగం ఈ పంపు పద్ధతికి చెందినవే. కాని ఆవిరితో నడిచే పాత పద్ధతి యంత్రాలు కూడా ‘ఎస్ప్రెసో మేకర్’ అన్న పేరుతోనే దుకాణాలలో పక్కపక్కన కనిపిస్తాయి.

పంపు ఉన్నదా, లేదా?

కనుక మొదటి పరీక్ష ఇదే. యంత్రానికి నీళ్ళు ఎక్కడ పోస్తారో చూడండి. ప్రెషర్ కుక్కరు వలె గట్టిగా బిగించే మర మూత ఉండి, ఆ మూత కిందనే నీళ్ళు మరిగేటట్లయితే అది ఆవిరి యంత్రం. వెనుకనో పక్కనో సులువుగా ఊడివచ్చే ప్లాస్టిక్ తొట్టి ఉంటే అది సాధారణంగా పంపు యంత్రం. ఆవిరి యంత్రం ఇచ్చే ఒత్తిడి మూడు నాలుగు బార్లకు మించదు. నీరు మరుగు స్థితిలో పొడిని తాకడం వల్ల మాడు చేదు దిగుతుంది. అటువంటి కాఫీయే చాలుననుకొంటే స్టవ్వు మీద పెట్టుకొనే మోకా పాత్ర అంతకంటె చౌకగా, అంతకంటె రుచిగా ఆ పని చేసిపెడుతుంది.

ఇక పంపు యంత్రాల పెట్టెల మీద ‘15 బార్’, ‘20 బార్’ అని పెద్ద అక్షరాలతో ముద్రిస్తారు. 20 బార్ల యంత్రం 15 బార్ల యంత్రం కంటె మంచిదని కొనుగోలుదారు భావించడం సహజం. నిజానికి ఎస్ప్రెసోకు పొడి మీద కావలసిన పీడనం సుమారు 9 బార్లు మాత్రమే. పెట్టె మీది అంకె, నీరు పోయే దారి పూర్తిగా మూసివేస్తే ఆ చిన్న పంపు ఎంతవరకు తోయగలదో చెప్పే గరిష్ఠ పరిమితి. నీరు పారుతున్నప్పుడు పీడనం అంత ఉండదు. మేలైన యంత్రాలలో అదనపు ఒత్తిడిని తిరిగి తొట్టిలోకి మళ్ళించే కవాటం ఒకటి ఉంటుంది. అందుచేత 15కు, 20కి నడుమ తేడా కోసం ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వనక్కరలేదు.

ఇక్కడ గ్రహించవలసిన మూలసూత్రం ఒకటున్నది. పీడనాన్ని పుట్టించేది పంపు ఒక్కటే కాదు. నీటికి అడ్డుపడేది పొడి. పొడి బరకగా ఉంటే ఎంత బలమైన పంపు అయినా నీరు జల్లెడలోంచి జారినట్లు జారిపోతుంది. అడ్డు లేనిచోట ఒత్తిడి నిలువదు. ఈ ఒక్క సంగతి అర్థమైతే, యంత్రంలో ఏది ముఖ్యమో ఏది అలంకారమో తక్కినదంతా దానంతట అదే తేలిపోతుంది.

రెండు రకాల గిన్నెలు

పొడి వేసే చిన్న ఉక్కు గిన్నెను బాస్కెట్టు అంటారు. పిడి ఉన్న పోర్టాఫిల్టరులో దీనిని అమర్చి యంత్రానికి బిగిస్తారు. చౌక యంత్రాలతో వచ్చే గిన్నె సాధారణంగా రెండు పొరలది. లోపలి పొరకు అనేక రంధ్రాలుంటాయి, కింది పొరకు మాత్రం సూదిమొన అంత ఒకే ఒక రంధ్రం ఉంటుంది. పొడి ఎటువంటిదైనా ఆ సన్నని రంధ్రమే నీటిని నిలిపి ఒత్తిడిని కల్పిస్తుంది. బజారులో దొరికే పొడితో కూడా పైన నురుగు తేలుతుంది. కాని అది ఆ రంధ్రంలోంచి రసం చిమ్మినప్పుడు ఏర్పడే గాలి నురుగు. లేత రంగులో, పెద్ద బుడగలతో ఉండి త్వరగా అణగిపోతుంది. కింది రసం పలుచగా ఉంటుంది.

ఒకే పొర గిన్నెలో ఈ సహాయం ఉండదు. అడుగున వందల రంధ్రాలు ఉంటాయి. ఒత్తిడి అంతా పొడి సన్నదనం మీద, దానిని సమంగా అదమడం మీద ఆధారపడి ఉంటుంది. సాధన కావాలి, కాని అసలు ఎస్ప్రెసో వచ్చేది దీనిలోనే. గుర్తించడం కష్టం కాదు. గిన్నెను వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి. అడుగంతా చుక్కలు చుక్కలుగా వెలుగు కనిపిస్తే ఒకే పొరది. వెనుకకు తిప్పితే ఒక్క రంధ్రమే కనిపిస్తే రెండు పొరలది.

కొనేముందు దుకాణదారును అడగవలసిన ప్రశ్న ఇది: “ఈ యంత్రానికి ఒకే పొర గిన్నె వస్తుందా? రాకపోతే విడిగా ఈ కొలతలో దొరుకుతుందా?” చిన్న యంత్రాలలో గిన్నె వ్యాసం 51 మిల్లీమీటర్లు ఉండడం సాధారణం. హోటళ్ళ యంత్రాలలో 58 మిల్లీమీటర్లు. 58 కొలతకు విడిభాగాలు విరివిగా దొరుకుతాయన్న సౌకర్యమే తప్ప, 51లో మంచి కాఫీ రాదన్నది అపోహ. అయితే కొన్ని యంత్రాలలో గిన్నెలో కాక పోర్టాఫిల్టరు అడుగునే ఒత్తిడి కల్పించే కవాటం ఉంటుంది. అటువంటి దానికి గిన్నె మార్చినంత మాత్రాన ప్రయోజనం లేదు. దానిని కూడా తిప్పి చూచుకోవాలి.

యంత్రం కంటె ముందు గ్రైండరు

ఒకే పొర గిన్నె కొన్నవారికి మరునాడే ఎదురయ్యే సమస్య పొడి. మన ఇళ్ళకు వచ్చే ఫిల్టరు కాఫీ పొడి బొట్టుబొట్టుగా డికాక్షన్ దిగడానికి విసిరినది. అందులో తరచు చికోరీ కలిసి ఉంటుంది. చికోరీలో కరిగే పదార్థం ఎక్కువ. గిన్నెలో అది జిగటగా మారి నీటి దారిని అస్తవ్యస్తం చేస్తుంది. ఎస్ప్రెసోకు చికోరీ లేని గింజలు కావాలి, వాటిని కాఫీ తీసే ముందే విసరాలి. విసిరిన పొడి గంటల వ్యవధిలోనే పరిమళాన్ని కోల్పోతుంది.

అంతకంటె ముఖ్యమైనది, పొడి సన్నదనాన్ని రవ్వంత రవ్వంతగా మార్చుకొనే వీలు ఉండడం. ఉప్పుకంటె కొంచెం సన్నగా, మైదాకంటె బరకగా ఉండే ఒక ఇరుకైన మధ్యస్థితిలోనే ఎస్ప్రెసో కుదురుతుంది. మిక్సీలోనో, తిరిగే బ్లేడు ఉన్న చౌక గ్రైండరులోనో గింజలు నలిగితే ధూళి కొంత, పలుకులు కొంత వస్తాయి. నీరు పలుకుల నడుమ దారి చేసుకొని పోతుంది. ధూళి అధికంగా కరిగి చేదిస్తుంది. పలుకులు సరిగా కరగక పులుపిస్తాయి. ఒకే కప్పులో పులుపు, చేదు రెండూ ఉంటే దోషం గ్రైండరుదని అనుమానించవచ్చు. కావలసినది రెండు ఉక్కు చక్రాల మధ్య గింజను చిదిపే బర్ గ్రైండరు. తక్కువ ఖర్చులో విద్యుత్ గ్రైండరు కంటె చేతితో తిప్పే మంచి గ్రైండరే మేలు. మోటారుకు పెట్టవలసిన డబ్బు చక్రాల నాణ్యతకు పోతుంది. 15 గ్రాముల గింజలు విసరడానికి నిమిషం పైచిలుకు పడుతుంది, చేతికి కొంత శ్రమ.

వేడి, ఆవిరి, ఒక చిన్న కవాటం

గ్రైండరు, గిన్నె కుదిరిన తరువాత చూడవలసినది వేడి నిలకడ. పొడిని తాకే నీరు 90 నుంచి 96 డిగ్రీల సెల్సియస్ నడుమ ఉండాలి. చౌక యంత్రాలలో థర్మోబ్లాక్ అనే లోహపు దిమ్మ గుండా నీరు పోతూ వేడెక్కుతుంది. నిమిషంలోపే సిద్ధమైనట్లు దీపం వెలుగుతుంది. కాని అప్పటికి పోర్టాఫిల్టరు చల్లగానే ఉంటుంది. వేడినీరు దానిని తాకగానే కొన్ని డిగ్రీలు పడిపోతుంది, తొలి కప్పు పుల్లగా వస్తుంది. దీనికి విరుగుడు సులభం. పొడి లేకుండా ఒకసారి నీటిని గిన్నె గుండా కప్పులోకి వదిలి పారబోస్తే అన్నీ వేడెక్కుతాయి. చిన్న బాయిలరు గల యంత్రాలను పదిహేను నిమిషాల ముందే వెలిగించడం మంచిది. వేడిని డిగ్రీలలో నియంత్రించే పిఐడి అనే సాధనం ఉంటే మేలే. అయితే అది గ్రైండరు ఖర్చును కోసుకొని కొనవలసినంత అవసరం కాదు.

పాలతో తాగేవారికి ఆవిరి గొట్టం ముఖ్యం. చాలా చౌక యంత్రాలలో గొట్టానికి లావుపాటి తొడుగు ఒకటి ఉంటుంది. పక్కన ఉన్న రంధ్రం నుంచి తనంతట తానే గాలి పీల్చుకొని అది పెద్ద బుడగల నురుగు చేస్తుంది. ఆ తొడుగు ఊడదీయడానికి వీలుండి, లోపల ఒకటి రెండు సన్నని రంధ్రాల గొట్టం ఉంటే, సాధన మీద మెత్తని నురుగు చేయవచ్చు. పాలు 60, 65 డిగ్రీలకు చేరగానే ఆపాలి. పాత్రను అరచేతితో పట్టుకోలేని స్థితి దానికి గుర్తు. ఇంకా మరిగిస్తే నురుగు కరడు కడుతుంది.

మూడు దారుల కవాటం గురించి కూడా ఒక మాట. ఇది ఉన్న యంత్రంలో కాఫీ దిగడం ఆగగానే మిగిలిన ఒత్తిడి పక్క గొట్టం ద్వారా బయటికి పోతుంది. లేని యంత్రంలో ఒత్తిడి గిన్నెలోనే ఉండిపోతుంది. పోర్టాఫిల్టరును వెంటనే తిప్పి తీస్తే వేడి మడ్డి చేతుల మీదికి, ముఖం మీదికి చిమ్ముతుంది. చౌక యంత్రాలలో ఈ కవాటం ఉండకపోవచ్చు. లేదని కొనడం మానుకోనవసరం లేదు. నిమిషం పాటు ఆగి, నెమ్మదిగా తీయడం ఇంట్లో అందరికీ అలవాటు కావాలి.

ఇరవై అయిదు వేలలో ఒక లెక్క

ఉదాహరణకు ఒక ఇంట్లో ఇద్దరున్నారు, ఉదయం చెరొక పాల కాఫీ తాగుతారు, ఖర్చుకు హద్దు 25,000 రూపాయలు అనుకొందాం. మొత్తం డబ్బు యంత్రానికే పెడితే తళతళలాడే యంత్రమూ, పనికిరాని పొడీ మిగులుతాయి. ఇలా పంచుకోవడం మేలు: యంత్రానికి 12,500, చేతి గ్రైండరుకు 9,000, గ్రాములో పదోవంతు వరకు చూపే తూకానికి 1,200, ఒకే పొర గిన్నెకు, పొడిని అదిమే టాంపరుకు కలిపి 1,300, మొదటి గింజలకు 1,000. గ్రైండరుకు ఇంత ఎక్కువా అని అనిపించవచ్చు. రేపు ఇంతకంటె మంచి యంత్రం కొన్నా ఈ గ్రైండరు దానికీ పనికివస్తుంది.

ఇక కాఫీ తీయడం. 51 మిల్లీమీటర్ల గిన్నెలో 15 గ్రాముల పొడి వేసి, చదును చేసి, నిటారుగా అదిమి బిగించాలి. తూకం మీద కప్పు పెట్టి, పంపు మొదలైన క్షణం నుంచి సెకన్లు లెక్కించాలి. మన లక్ష్యం 30 గ్రాముల రసం, 25 నుంచి 30 సెకన్లలో. తొలి ప్రయత్నంలో 30 గ్రాములు 12 సెకన్లలోనే వచ్చిందనుకోండి. రసం పాలిపోయి, పుల్లగా ఉంటుంది. పొడి బరక అన్నమాట. గ్రైండరును రెండు మెట్లు సన్నానికి తిప్పితే 19 సెకన్లు వచ్చింది. ఇంకొక మెట్టు తిప్పితే 27 సెకన్లు, రసం తేనెధారలా దిగింది. అక్కడ ఆగాలి. మరొక మెట్టు అత్యాశకు పోతే 45 సెకన్లు పట్టి, బొట్లు బొట్లుగా నల్లగా దిగి చేదెక్కుతుంది. ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలన్నది ఇందులోని నియమం. పొడి బరువు, సన్నదనం రెండూ ఒకేమారు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. గింజలు పాతబడేకొద్దీ ధార వేగం పెరుగుతుంది. వారం తరువాత మళ్ళీ ఒక మెట్టు సన్నం చేయవలసి రావచ్చు, అది యంత్రం దోషం కాదు.

ఇద్దరికీ కావాలంటే ముందుగా రెండు కప్పుల కాఫీ తీసి, తరువాత ఆవిరి మీట నొక్కి, యంత్రం ఆ వేడికి చేరేవరకు ఆగి, ఇద్దరి పాలూ ఒకే పాత్రలో కాచుకోవాలి. ఆవిరి అయిన వెంటనే మళ్ళీ కాఫీ తీస్తే నీరు అతివేడిగా ఉండి మాడు రుచి వస్తుంది. కొద్దిగా నీరు వదిలి చల్లబరచాలి. ఈ వరుస పాటిస్తే రెండు బాయిలర్ల ఖరీదైన యంత్రం ఇద్దరున్న ఇంటికి అక్కరలేదు. రోజుకు 30 గ్రాముల చొప్పున నెలకు 900 గ్రాముల గింజలు కావాలి. పావుకిలో పొట్లం ఎనిమిది రోజులకు సరిపోతుంది. కనుక వేయించిన తేదీ ముద్రించిన చిన్న పొట్లాలే కొనండి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన మన అరకు లోయ అరబికా కూడా ఇందుకు తగినదే. మరీ లేతగా కాక మధ్యస్థంగా వేయించినది తీసుకొంటే చౌక యంత్రానికి కూడా సులువుగా లొంగుతుంది.

కరెంటు, నీళ్ళు, మరమ్మతు

ఈ యంత్రాలు సాధారణంగా 1,000 నుంచి 1,500 వాట్ల వరకు తీసుకొంటాయి. 230 వోల్టుల వద్ద 1,350 వాట్లంటే దాదాపు 6 ఆంపియర్లు. కనుక చిన్న ప్లగ్గు నమ్మదగినది కాదు, 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు వాడాలి. అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడినుంచి యంత్రం తెస్తామంటే వారించడమే మంచిది. అది 120 వోల్టులకు, 60 హెర్ట్‌జ్‌కు చేసినది. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని మార్చగలదు గాని హెర్ట్‌జ్‌ను మార్చలేదు. కంపించే పంపు వేగం ఆ హెర్ట్‌జ్ మీదనే ఆధారపడి ఉంటుంది.

బోరు నీటిలోని సున్నం సన్నని గొట్టాలలో పేరుకొంటుంది. ధార పలుచబడడం, పంపు శబ్దం మారడం, ఆవిరి తగ్గడం దానికి సూచనలు. ఆ సూచనల కోసం ఎదురుచూడక, తయారీదారు చెప్పిన గడువులో, చెప్పిన మందుతోనే సున్నం కడగాలి. ఏ ఆమ్లం పడితే ఆ ఆమ్లం పోస్తే అల్యూమినియం భాగాలు తినిపోతాయి. పోర్టాఫిల్టరు బిగుసుకొనే చోట ఉండే రబ్బరు వలయం కాలక్రమాన గట్టిపడి అంచుల వెంట నీరు కారుతుంది. ఆ వలయం మీ ఊళ్ళో దొరుకుతుందా అన్న ప్రశ్న, రంగురంగుల తెర ఉన్నదా అన్న ప్రశ్న కంటె విలువైనది.

పాతిక వేలు పెట్టే స్తోమత లేకపోతే చేతిమీటతో నీటిని ఒత్తే చిన్న సాధనాలున్నాయి. వాటిలో పంపు, ఆవిరి ఉండవు. నీరు విడిగా కాచుకోవాలి, పాలు స్టవ్వు మీద వేడిచేసుకోవాలి. గ్రైండరు మాత్రం అక్కడా తప్పదు. ఇక చికోరీ కలిసిన డికాక్షన్ రుచికే మనసు అలవాటుపడి ఉంటే, ఏ యంత్రమూ ఆ రుచిని ఇవ్వదు. ఆ ఇంటికి ఇత్తడి ఫిల్టరే సరైన యంత్రం. తక్కినవారు దుకాణానికి వెళ్ళేటప్పుడు గ్రైండరు డబ్బు ముందుగా పక్కన పెట్టుకొని, మిగిలిన దానితో యంత్రం చూడండి. గిన్నెను వెలుతురుకు ఎత్తి చూచిన తరువాతనే ధర మాట్లాడండి.